మూడో కునుకు మానే వయసు

ఏడో నెల దాటిన బిడ్డ ఉన్న ఇంట్లో సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకు ఒక పేచీ మొదలవుతుంది. మొన్నటిదాకా ఆ వేళకు జోకొడితే ఇట్టే కళ్లు మూసిన పిల్ల ఇప్పుడు పక్క మీద వేయగానే బోర్లా తిరిగి తల ఎత్తుతుంది, నవ్వుతుంది, బలవంతాన పడుకోబెడితే ఏడుస్తుంది. చివరికి ఆరింటికి అలసిపోయి ఒక ముప్పావు గంట పడుకుంటుంది. ఇక రాత్రి పదయినా నిద్ర రాదు. దిష్టి తగిలిందని అమ్మమ్మ అంటుంది, పళ్లు వస్తున్నాయని పక్కింటావిడ అంటుంది, తన పాలు చాలడం లేదేమోనని తల్లి బెంగపడుతుంది. చాలా ఇళ్లలో అసలు సంగతి వేరు. రోజుకు మూడు కునుకులు కావలసిన వయసు దాటి, రెండు కునుకులతో సరిపెట్టుకునే వయసులోకి బిడ్డ అడుగుపెడుతోంది. ఈ మార్పు వచ్చినప్పుడు పడక వేళలతోపాటు పాల వేళలను కూడా సర్దాలి. ఆ రెండో పని చాలామంది మరిచిపోతారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే నిద్ర ఎలా వస్తుందో కొంచెం తెలియాలి. జూరిక్‌లో పనిచేసిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన లెక్క ఇప్పటికీ నిద్ర శాస్త్రానికి పునాదిగా ఉంది. ఆయన చెప్పిన ప్రకారం మన నిద్రను నడిపేవి రెండు. ఒకటి నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నకొద్దీ ఆకలిలాగే అది పెరుగుతూ పోతుంది, పడుకుంటే తీరిపోతుంది. రెండోది ఒంట్లోని గడియారం. అది వెలుతురును బట్టి పగలు మెలకువగా ఉంచుతుంది, చీకటి పడ్డాక నిద్రకు దారి ఇస్తుంది. పెద్దవాళ్లలో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టి పొద్దుటి నుంచి ఒత్తిడి పేరుకున్నా రాత్రి దాకా ఆగగలం. పసిబిడ్డలో మొదటిది చాలా వేగంగా నిండుతుంది, రెండోది పుట్టేనాటికి ఇంకా తయారుకాదు. ఏడాది లోపు పిల్లల నిద్రలో కనిపించే మార్పుల్లో చాలా భాగం ఈ రెండిటి ఎదుగుదలే.

పుట్టిన మొదటి వారాల్లో బిడ్డ ముప్పావు గంటో గంటో మెలకువగా ఉంటే చాలు, ఒత్తిడి నిండిపోతుంది. రోజు మొత్తంలో పద్నాలుగు నుంచి పదిహేడు గంటలు పడుకుంటుంది, కానీ ముక్కలుముక్కలుగా. ఆ ముక్కల పొడవును ఎక్కువగా పొట్ట నిర్ణయిస్తుంది. పొట్ట చిన్నది, తల్లిపాలు తేలిగ్గా అరుగుతాయి, అందుకే ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగడం మామూలే. సాయంత్రాలు గంటకోసారి రొమ్ముకు అతుక్కుపోయే రోజులూ ఉంటాయి, పాలు తగ్గిపోయాయనడానికి అది గుర్తు కాదు. రోజుకు కనీసం ఆరు సార్లు తడుపుతూ, వారం వారం బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఈ వయసులో వేళల పట్టిక రాసుకోవడం అనవసరం. పిల్ల చెయ్యి నోట్లో పెట్టుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతుంటే పాలివ్వాలి, చూపు ఎటో నిలిచిపోయి కనుబొమలు ఎర్రబడితే పడుకోబెట్టాలి. ఎండాకాలంలో దాహం వేస్తుందని ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. అలా చేయకూడదు. రోహిణీకార్తెలో కూడా తల్లిపాలలోని నీరే సరిపోతుంది, కాకపోతే మరో రెండు మూడు సార్లు ఎక్కువ తాగించాలి. నీళ్లతో పొట్ట నిండితే ఆ మేరకు పాలు తగ్గుతాయి.

గడియారం ఎప్పుడు మొదలవుతుందో చూపించిన తొలి పరిశీలనల్లో ఒకటి షికాగోలో జరిగింది. నెథానియల్ క్లైట్‌మన్, ఎంగెల్‌మన్ 1953లో ప్రచురించిన పటాల్లో కొందరు పసివాళ్ల నిద్రను వారాల తరబడి రోజుకొక గీతగా గీశారు. తాగాలనుకున్నప్పుడు తాగించి, పడుకోవాలనుకున్నప్పుడు పడుకోబెట్టిన ఒక బిడ్డ గీతల్లో మొదట ఏ క్రమమూ కనిపించదు. తర్వాత నిద్ర రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ పోతుంది, ఒంట్లో గడియారం కదిలింది గానీ ఇరవై నాలుగు గంటలకు ఇంకా కుదురుకోలేదన్నమాట. నాలుగో నెల నాటికి రాత్రి నిద్ర రాత్రిలోనే స్థిరపడుతుంది. నిద్రవేళ దగ్గరపడిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ రెండో నెల చివర, మూడో నెలలో రోజువారీ లయలో ఊరడం మొదలవుతుంది. అందాకా తల్లి రాత్రి ఇచ్చే పాలలో ఆ మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో ఉండదు. పగలు పిండి నిల్వచేసిన పాలను పగలే, రాత్రివి రాత్రే వాడితే మంచిదని చెప్పేది అందుకే.

కాబట్టి మొదటి మూడు నెలల్లో పెద్దలు చేయగలిగిన పని ఒకటే. పగలు తలుపులు తీసి వెలుతురులో, ఇంటి చప్పుళ్ల మధ్య ఉంచడం, రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపంతో సరిపెట్టి, మాట్లాడకుండా, తడిస్తేనే గుడ్డ మార్చి తిరిగి పడుకోబెట్టడం. బాలింత గదిని పగలంతా మూసి ఉంచే ఇళ్లలో రాత్రీ పగలూ తారుమారైన పిల్లలు ఎక్కువ రోజులు అలాగే ఉంటారు.

నాలుగో నెల దాటగానే ఇంకో మలుపు. అంతకుముందు బిడ్డ కళ్లు మూయగానే కలల నిద్ర లాంటి కదులుతూ ఉండే నిద్రలోకి పోయేది. ఇప్పుడు పెద్దవాళ్లలాగా తేలిక నిద్రతో మొదలుపెట్టి గాఢనిద్రలోకి దిగుతుంది. గంటకు అటూ ఇటూగా ఒక చుట్టు పూర్తయ్యేసరికి సగం మెలకువ వస్తుంది. చేతుల్లో ఊపుతుండగా నిద్రపోయిన బిడ్డకు అప్పుడు చేతులు లేకపోతే పూర్తిగా మెలకువ వచ్చేస్తుంది. దానితోపాటు చుట్టూ ఉన్నది చూడాలనే ఆరాటం మొదలవుతుంది. పాలు తాగుతూ ఫ్యాన్ వంక, మాట వినబడిన వైపు తల తిప్పేస్తుంది, రెండు నిమిషాలు తాగి వదిలేస్తుంది. పగలు తగ్గిన ఆ పాలను చీకట్లో, ఏ అలికిడీ లేని వేళ, రాత్రి పూట తాగి పూడ్చుకుంటుంది. రాత్రి నాలుగైదు సార్లు లేస్తోందని ఉగ్గు మొదలుపెట్టేస్తారు కొందరు, అప్పటికి నాలుగున్నర నెలలే. ఉగ్గుతో ఆ లేవడం ఆగదు. పగటి పాలను నీడగా ఉన్న గదిలో, ఎవరూ పలకరించని చోట ఇస్తే కొద్ది రోజుల్లో పగటి తాగుడు పెరిగి రాత్రివి వాటంతట అవే తగ్గుతాయి. ఘనాహారం ఆరు నెలలు నిండాకే.

బిడ్డ నిద్రకూ తిండికీ లంకె ఎంత గట్టిదో ఇక్కడే అర్థమవుతుంది. ఇరవై నాలుగు గంటల్లో తనకు కావలసిన పాలు బిడ్డ ఎలాగైనా రాబట్టుకుంటుంది. ఒక పూట తగ్గితే మరో పూట అడుగుతుంది. మూడో కునుకు మానేటప్పుడు జరిగేదీ ఇదే.

ఒక ఇల్లు ఊహిద్దాం. పాపకు ఏడున్నర నెలలు. 2017 సవరణ తర్వాత ఉద్యోగినులకు ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు వస్తోంది, అందులో కొన్ని వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే బిడ్డకు ఆరో నెల రాకముందే తల్లి ఆఫీసుకు వెళ్లక తప్పదు. ఈ పాప తల్లీ వెళ్తోంది, పగలు చూసేది అమ్మమ్మ. ఆరో నెలలో కుదిరిన క్రమం బాగానే నడిచింది. ఏడింటికి లేవడం. ఎనిమిదికి నూనె రాసి లాలపోసి, తొమ్మిదింటికి పడుకోబెడితే పదింబావు దాకా మొదటి కునుకు. పన్నెండున్నర నుంచి రెండు దాకా రెండోది. నాలుగున్నర నుంచి ఐదుంబావు దాకా మూడోది. రాత్రి ఎనిమిదికి పడక. మెలకువ వ్యవధులు చూస్తే మొదటిది రెండు గంటలు, తర్వాతవి రెండుంబావు, రెండున్నర, చివరిది రెండు గంటల ముప్పావు. పొద్దుటినుంచి సాయంత్రానికి అవి పెరుగుతూ పోవడం ఈ వయసులో సహజం. మొత్తం నిద్ర పద్నాలుగున్నర గంటలు. పాలు పగలు ఐదు సార్లు: లేవగానే ఒకసారి, మూడు కునుకుల తర్వాత మూడు సార్లు, పడుకోబోయే ముందు ఒకసారి. రాత్రి ఒకసారి.

ఇప్పుడు మూడో కునుకు పావు తక్కువ ఆరుకు జరిగింది. ఆరున్నరకు లేచిన పాప పావు తక్కువ పది దాకా నిద్రపోదు. రాత్రి రెండింటికి లేచి ఒక గంట హాయిగా ఆడుకుంటోంది. నిద్ర మొత్తం పన్నెండు గంటలకన్నా తగ్గింది. అయినా పగలు పడుకునే ముందు మునుపటి నీరసం లేదు. ఇక్కడ అమ్మమ్మ చూడవలసింది ఒకటే: మెలకువ వ్యవధి పెంచితే పాప హుషారుగా ఉంటోందా? మొదటి కునుకు వేళ దాటాక మరో అరగంట ఆడుకుంటూ ఉండగలిగితే నిద్ర ఒత్తిడి నిండడం నెమ్మదించినట్టే. ఈ తీరు పది, పద్నాలుగు రోజులు నిలిస్తే మార్పు నిజమైనదని నమ్మవచ్చు.

సర్దడం మొదటి కునుకు దగ్గర మొదలుపెట్టాలి, గొడవ పడుతున్న మూడో కునుకు దగ్గర కాదు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. పొద్దున తొమ్మిదికే పడుకుంటే తర్వాతవన్నీ ముందుకు వచ్చేస్తాయి, రాత్రికి ఇంకా చాలా దూరం ఉండగానే రెండో కునుకు అయిపోతుంది, మూడోది తప్పనిసరి అవుతుంది. మన ఇళ్లలో మొదటి కునుకును జరపడానికి చక్కటి పట్టు ఒకటుంది, స్నానం. లాలపోశాక ఒళ్లు తేలికై బిడ్డ పడుకుంటుంది కాబట్టి లాలపోసే వేళను జరిపితే కునుకు దానంతట అదే జరుగుతుంది. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, ఆ పొగ పసి ఊపిరితిత్తులకు పడదు. ఎనిమిది నుంచి ఎనిమిదింబావుకు, రెండు మూడు రోజులు ఆగి ఎనిమిదిన్నరకు, ఇలా పావుగంట చొప్పున జరుపుతూ పది, పన్నెండు రోజుల్లో తొమ్మిదింటి స్నానానికి, పదింటి కునుకుకు రావాలి. రెండో కునుకు అదే లెక్కన రెండుంబావుకు చేరుతుంది. పదింటి నుంచి పదకొండుంబావు, రెండుంబావు నుంచి పావు తక్కువ నాలుగు, రాత్రి ఏడున్నరకు పడక. ఒక్క రోజులో గంట జరిపితే ఒత్తిడి మితిమీరి, బిడ్డ అరగంటకే ఉలిక్కిపడి లేస్తుంది. ఆ రోజు మూడో కునుకు మళ్లీ కావలసి వస్తుంది.

మధ్యలో అలాంటి రోజులు ఎలాగూ వస్తాయి. రెండో కునుకు నలభై నిమిషాలకే తెగిపోతే సాయంత్రం ఒక పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోనివ్వాలి, కానీ ఐదు కల్లా లేపాలి. ఐదు దాటితే అది పట్టకుండా రాత్రి పడకను ముప్పావు గంట ముందుకు తేవాలి. ఏడుకు ముందే పడుకోబెడితే తెల్లవారుజామున నాలుగుకు లేస్తుందని భయపడతారు. సాధారణంగా అలా జరగదు, మితిమీరి అలసిన బిడ్డే తరచు తెల్లవారుజామున లేస్తుంది. తండ్రి ఆఫీసు నుంచి వచ్చేది ఎనిమిదింటికి కాబట్టి అందాకా ఉంచాలనుకునే ఇళ్లలో పొద్దున లేచే వేళను కూడా అరగంట వెనక్కి జరుపుకోవాలి. రెండు చివరలూ లాగి పట్టుకోలేం.

ఇప్పుడు పాల సంగతి. పాత క్రమంలో ఐదుంబావు పాలు మూడో కునుకుకు ముడిపడి ఉండేవి. ఆ కునుకు పోగానే, ఎవరూ అనుకోకుండానే, ఆ పూట పాలూ పోయాయి. అమ్మమ్మ ఆ వేళకు రాగి జావ పడుతోంది. జావ పల్చగా ఉంటే పొట్ట నిండుతుంది గానీ శక్తి అందదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు బాగా తాగే బిడ్డకు ఘనాహారం నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, మిగతాదంతా పాల నుంచే. పోయిన ఆ పూట పాలను పాప అర్ధరాత్రి అడుగుతోంది. రెండింటి మెలకువలో ఆట ఒక భాగమైతే ఆకలి రెండో భాగం.

అందుకే కొత్త క్రమంలో ఐదు పూటల పాలకూ కొత్త చోట్లు వెతకాలి. ఏడింటికి లేవగానే తల్లి పాలిస్తుంది. ఎనిమిదింబావుకు మొదటి భోజనం. స్నానమయ్యాక, తొమ్మిదిన్నరకు కొంచెం పాలు, ఇది కొత్తగా చేరిన పూట. పదకొండుంబావుకు లేవగానే పాలు. పన్నెండున్నరకు రెండో భోజనం. పావు తక్కువ నాలుగుకు పాలు. ఐదుంబావుకు మూడో భోజనం, కొద్దిగా. ఏడింటికి తల్లి ఒళ్లో, దీపం తగ్గించిన గదిలో తీరిగ్గా పాలు. ఆఫీసుకు వెళ్లిన తల్లి పగటి మూడు పూటలకు పాలు పిండి ఉంచుతుంది. వాటిని ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టవచ్చు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి, మన వేసవి గదుల్లో ఆ ధీమా వద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ నాలుగు రోజుల దాకా ఉంచవచ్చు.

భోజనం ఎప్పుడూ లేచిన గంట, గంటన్నరకు పడితే మంచిది. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డ నోరు బిగిస్తుంది, దాన్ని తిండి మీద అయిష్టం అనుకుంటారు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి: మెత్తగా ఉడికి చిదిమిన పప్పన్నంలో ఒక చుక్క నెయ్యి, చిలగడదుంప, పాలకూర, బాగా ఉడికిన గుడ్డు. ఏడో నెలలో రెండు మూడు చెంచాలతో మొదలైనది నెమ్మదిగా అరకప్పుకు చేరుతుంది. ఉప్పు, పంచదార అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు, దానిలో ఉండగల బాక్టీరియా బీజాలు పసి పేగుల్లో విషం పుట్టిస్తాయి.

ఈ వయసు పిల్ల పడుకునే చోటు కూడా మారాలి. చీర ఉయ్యాల్లో గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరాడక పోయే ప్రమాదం పసివాళ్లకు ఎప్పుడూ ఉంది. బోర్లా తిరిగి లేచి కూర్చోగలిగిన బిడ్డ అందులోంచి పడిపోతుంది కూడా. గట్టి, సమతలమైన పక్క మీద, దిండ్లు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఉయ్యాల మాన్పించడాన్నీ కునుకు జరపడాన్నీ ఒకే వారంలో పెట్టుకుంటే మాత్రం ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు.

అన్ని మార్పులూ ఇలాంటివి కావు. కునుకు ఒక్కసారిగా, రెండు రోజుల్లోనే తెగిపోతే వేరే కారణం వెతకాలి. పాకడం కొత్తగా వచ్చిన బిడ్డ వారం పది రోజులు పక్క మీదే సాధన చేస్తుంది, ఆ తర్వాత పాత కునుకులే తిరిగి వస్తాయి, పట్టిక మార్చనక్కర్లేదు. ఎనిమిదో నెలలో తల్లి కనుమరుగైతే బెదిరే బిడ్డ నిద్రకు ఒప్పుకోదు గానీ అలసట మాత్రం ముఖంలో కనిపిస్తుంది. పడుకోబెట్టగానే చెవి లాక్కుంటూ ఏడ్చి, ఎత్తుకుంటే ఊరుకునే బిడ్డకు చెవి నొప్పేమో చూపించాలి. తడపడం ఆరు సార్లకన్నా తగ్గినా, బరువు ఆగినా, పాలకు లేపినా లేవనంత మగతగా ఉన్నా పట్టికలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం ఉంటే ఒక రాత్రి కూడా ఆగకూడదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఈ వయసులన్నీ కాన్పు తేదీగా వైద్యులు లెక్కగట్టిన రోజు నుంచి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టిన పాప తొమ్మిదో నెలలోనూ మూడు కునుకులు తీస్తుంటే అది సరైన వేళే.

ఈ పాప విషయంలో మూడో వారం నాటికి సాయంత్రపు పేచీ పోతుంది, రాత్రి రెండింటి ఆట అంతకుముందే ఆగుతుంది. ఒకసారి పాలకు లేవడం మిగలవచ్చు, ఈ వయసుకు అది మామూలే. ఈ రెండు కునుకుల క్రమం ఏడాది దాటేదాకా నిలుస్తుంది. పదమూడు, పద్దెనిమిది నెలల మధ్య ఎప్పుడో పొద్దుటి కునుకు కూడా పోయి మధ్యాహ్నానిది ఒక్కటే మిగులుతుంది. అప్పటికి భోజనమే ప్రధానం, కాబట్టి ఈసారి జరపవలసింది మధ్యాహ్న భోజనం: పదకొండున్నరకల్లా పెట్టేసి పన్నెండున్నరకు పడుకోబెడితే తింటూ తింటూ కంచంలో తల వాల్చే తిప్పలు ఉండవు.